సమీక్షకులకు అంశాలవారీ జవాబు లేఖ

పరిశోధన పత్రికకు పంపిన వ్యాసంపై సమీక్షకులు తెలిపిన అభ్యంతరాలకు రచయితలు ఒక్కొక్క అంశం చొప్పున సమాధానం వ్రాసి, సవరించిన వ్యాసంతో పాటు సంపాదకునికి పంపే లేఖను సమీక్షకులకు జవాబు లేఖ అంటారు. ఎక్కువ సూచనలను రచయితలు అంగీకరిస్తారు. అయితే పద్ధతికి సంబంధించిన ఒక నిర్ణయాన్ని మార్చితే ఫలితమే తప్పుదారి పట్టే సందర్భాలు ఉంటాయి. అప్పుడు మర్యాద తప్పకుండా ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవలసి వస్తుంది. వైద్య ప్రయోగాలలో తరచుగా వచ్చే ఒక వివాదం ఇందుకు మంచి ఉదాహరణ.

లేఖ స్వరూపం

సమీక్షకుని ప్రతి వ్యాఖ్యను సంఖ్యతో, మాట మార్చకుండా, పూర్తిగా ఉదహరిస్తారు. దాని క్రింద జవాబు, ఆపై వ్యాసంలో మార్పు జరిగిన పుట, పంక్తుల సంఖ్యలు వ్రాస్తారు. వ్యాఖ్యను కుదించి వ్రాస్తే కష్టమైన భాగాన్ని దాటవేశారన్న అనుమానం కలుగుతుంది. లేఖను సమీక్షకులు కూడా చదువుతారు గాని, నిర్ణయం తీసుకొనేది సంపాదకుడు. కావున వ్యాసాన్ని మరల తెరవకుండానే వాదం అర్థమయ్యేటట్లు లేఖ ఉండాలి.

వివాదాంశం

ఒక ప్రయోగంలో 400 మంది రోగులను చీటీల పద్ధతిలో రెండు సమూహాలుగా విభజించారనుకొందాం. 200 మందికి కొత్త మాత్ర, మిగిలిన 200 మందికి మామూలు చికిత్స ఇచ్చారు. మాత్ర పొందినవారిలో 50 మంది దానిని సరిగా వాడలేదు. రచయితలు వారిని కూడా కలుపుకొని, ఎవరిని ఏ సమూహంలో వేశారో ఆ ప్రకారమే లెక్కించారు. దీనిని ఇంటెన్షన్ టు ట్రీట్ విశ్లేషణ అంటారు. మందు వాడనివారిని తొలగించాలని సమీక్షకుడు కోరాడు.

ఈ కోరిక సహజంగానే కనిపిస్తుంది. కాని మందు సరిగా వాడేవారు, వాడనివారు ఇతర విషయాలలో కూడా ఒకే రకం మనుషులు కారు. 1980లో ప్రచురితమైన అమెరికా కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ ఫలితాలు దీనిని స్పష్టం చేశాయి. అంతకుముందు గుండెపోటు వచ్చిన పురుషులపై జరిగిన ఆ ప్రయోగంలో క్లోఫిబ్రేట్ అనే మందును ప్లాసిబోతో, అనగా మందులేని మాత్రతో పోల్చారు. క్లోఫిబ్రేట్‌ను సరిగా వాడినవారిలో ఐదేళ్ళలో 15.0 శాతం, వాడనివారిలో 24.6 శాతం మరణించారు. మందు మేలు చేసినట్లే తోస్తుంది. అయితే ప్లాసిబో సమూహంలో కూడా సరిగా వాడినవారిలో మరణాలు 15.1 శాతం, వాడనివారిలో 28.2 శాతం! రెండు సమూహాలను మొత్తంగా పోల్చితే మరణాలు 20.0, 20.9 శాతం మాత్రమే. మందు సమూహం నుండి మాత్రమే వాడనివారిని తీసివేస్తే 15.0 శాతాన్ని 20.9 శాతంతో పోల్చినట్లవుతుంది. లేని మేలు ఉన్నట్లు కనబడుతుంది.

నమూనా జవాబు

పైన ఊహించిన ప్రయోగానికి సంబంధించి జవాబు ఈ విధంగా ఉండవచ్చు:

"సమీక్షకుడు 2, అంశం 3: మాత్ర సరిగా వాడని 50 మందిని కలపడం వలన దాని ప్రభావం తగ్గి కనబడుతున్నది. వారిని తొలగించి మరల లెక్కించవలెను.

జవాబు: ఈ ముఖ్యమైన అంశాన్ని ఎత్తి చూపినందుకు కృతజ్ఞతలు. వీరిని కలపడం వలన మాత్ర ప్రభావం తక్కువగా కనబడవచ్చునన్న మాటతో ఏకీభవిస్తున్నాము. దీనిని పరిమితిగా 9వ పుట, 14-17 పంక్తులలో చేర్చాము. అయినప్పటికీ ప్రధాన విశ్లేషణను మార్చలేదు. మామూలు చికిత్స సమూహానికి మాత్ర ఇవ్వలేదు గనుక, ఇస్తే వాడకుండా ఉండేవారెవరో గుర్తించి తొలగించే వీలు లేదు. ఒక వైపు మాత్రమే తొలగిస్తే చీటీలతో వచ్చిన సమానత్వం పోతుంది. ఈ విశ్లేషణను ప్రయోగానికి ముందే ప్రణాళికలో వ్రాసి ఉంచాము. మీరు కోరిన లెక్కను కూడా చేసి, 2వ అనుబంధంలో ఇచ్చాము."

ఇందులో సమీక్షకుని మాటలో నిజమైన భాగాన్ని మొదట ఒప్పుకొన్నారు. ఆ తరువాత "మార్చలేదు" అని సూటిగా చెప్పారు. అడిగిన లెక్కను దాచకుండా చూపారు, కాని దానిని ప్రధాన ఫలితం చేయలేదు. "సూచనను పరిశీలించాము" వంటి వాక్యంతో సరిపెడితే మార్పు జరిగిందో లేదో తెలియక సంపాదకుడు లేఖను తిప్పి పంపే అవకాశం ఉంది. "సమీక్షకుడు అపార్థం చేసుకొన్నారు" అనడానికి బదులు, వ్యాసంలో ఆ భాగాన్ని మరింత వివరంగా తిరిగి వ్రాసి ఆ సంగతి తెలపడం మర్యాద.

సమర్థన నిలవని సందర్భాలు

మందు మానివేసినవారి ఆరోగ్య ఫలితాలను రచయితలు సేకరించకపోతే ఈ వాదం బలహీనపడుతుంది. పేరుకు అందరినీ లెక్కించామన్నా, నిజానికి వారి సమాచారం లేనట్లే. అలాగే కొత్త మందు పాతదానికి తీసిపోదని నిరూపించే ప్రయోగాలలో, మందు వాడనివారిని కలపడం వలన రెండు మందుల మధ్య ఉన్న తేడా మరుగున పడవచ్చు. అక్కడ సమీక్షకుని అభ్యంతరం న్యాయమైనది. రెండు విశ్లేషణలనూ వ్యాసంలోనే పక్కపక్కన చూపడం ఉచితం. విశ్లేషణ పద్ధతిని ఫలితాలు చూసిన తరువాత ఎంచుకొని ఉంటే, "ముందే నిర్ణయించాము" అన్న సమర్థనకు ఆధారం ఉండదు.