ఏకపక్ష ఆర్థిక ఆంక్షలు - అంతర్జాతీయ న్యాయ పరిమితులు: 1948 నాటి హైదరాబాద్ దిగ్బంధన వివాదం

వ్యాస సంగ్రహం:
ఒక రాజ్యం ఐక్యరాజ్యసమితి అనుమతి లేకుండా, తనంతట తానుగా మరొక రాజ్యంపై విధించే ఆర్థిక నిర్బంధాలను ఏకపక్ష ఆంక్షలంటారు. వీటి చట్టబద్ధతపై జరిగిన తొలి వివాదాల్లో ఒకటి తెలుగు నేలకు సంబంధించినది. భారత ప్రభుత్వం తమపై ఆర్థిక దిగ్బంధనం అమలు చేస్తున్నదని 1948 ఆగస్టు 21న హైదరాబాద్ సంస్థానం భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదును ఒప్పంద బాధ్యత, ప్రతిచర్యల నియమాలు, మానవీయ అవసరాలు అనే మూడు కోణాల్లో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఏకపక్ష ఆంక్షలు, హైదరాబాద్ సంస్థానం, యథాతథ ఒప్పందం, ప్రతిచర్యలు, భద్రతామండలి.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాద్ సంస్థాన చరిత్రపై తెలుగులో విస్తారమైన రచనలు వెలువడ్డాయి. సాయుధ పోరాటం, రజాకార్ల దౌర్జన్యాలు, పోలీసు చర్య వాటిలో ప్రధానాంశాలు. 1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలు కావడానికి ముందు నెలల తరబడి సాగిన ఆర్థిక ఒత్తిడిని మాత్రం ఆ చర్యకు పూర్వరంగంగానే చెప్పి విడిచిపెట్టడం పరిపాటి. అంతర్జాతీయ న్యాయం దృష్టిలో అది విడిగా పరిశీలించదగిన అంశం. సైన్యాన్ని కదిలించకుండా, సరుకుల రాకపోకలను అదుపు చేసి ఎదుటి పక్షాన్ని లొంగదీయవచ్చునా? అయితే ఎంతవరకు? నేటి ఆంక్షల చర్చ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

2. వివాద నేపథ్యం:
హైదరాబాద్‌కు సముద్రతీరం లేదు. మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాలు దానిని చుట్టి ఉండేవి. సంస్థానంలో సింగరేణి బొగ్గు ఉంది, వరంగల్‌లో ఆజంజాహి మిల్లు ఉంది, కాజీపేట వంటి పెద్ద రైల్వే జంక్షన్ ఉంది. కానీ ఉప్పు, పెట్రోలు, మందులు, యంత్ర పరికరాలు భారత భూభాగం మీదుగా రావలసిందే. సరిహద్దు స్టేషన్లలో వ్యాగన్లు ఆగితే లోపలి జిల్లాల్లో కొరత ఏర్పడక తప్పదు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికి, నిజాంకు మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. 1947 ఆగస్టు 15కు ముందు బ్రిటిష్ ప్రభుత్వంతో నిజాంకు ఉన్న ఉమ్మడి వ్యవహారాల ఏర్పాట్లన్నీ, విదేశాంగం, రక్షణ, రవాణా సౌకర్యాలతో సహా, యథాప్రకారం కొనసాగుతాయని దాని మొదటి అధికరణం. తలెత్తిన వివాదాలను ఇరుపక్షాలు చెరొకరిని నియమించుకునే మధ్యవర్తులకు నివేదించాలని నాలుగవ అధికరణం.

ఒప్పందంపై సంతకాలైన కొద్దికాలానికే పరస్పరారోపణలు మొదలయ్యాయి. విలువైన లోహాల ఎగుమతిని హైదరాబాద్ నిషేధించింది. సంస్థానంలో భారత రూపాయి చెల్లుబాటును తొలగించింది. పాకిస్తాన్‌కు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో 20 కోట్ల రూపాయల రుణం ఇవ్వజూపింది. ఇవన్నీ ఒప్పంద ఉల్లంఘనలని భారత ప్రభుత్వం వాదించింది. రజాకార్ల హింసను అదుపు చేయకపోవడం అంతకంటె తీవ్రమైన ఆరోపణ. 1948 జూన్‌లో సంప్రదింపులు విఫలమైన తరువాత ఆర్థిక ఒత్తిడి పెరిగింది. హైదరాబాద్‌కు చెందిన సెక్యూరిటీల బదిలీని కట్టడి చేశారు. దక్కన్ ఎయిర్‌వేస్ విమానాల రాకపోకలను నిలిపివేశారు.

ఆంక్షల పరిధి విషయంలో ఇరుపక్షాల కథనాలు వేరు. ఆయుధాలకు, సైనిక ప్రయోజనమున్న వస్తువులకు మించి మందులు, నీటిని శుద్ధి చేసే క్లోరిన్ వంటివి కూడా రానీయడం లేదని హైదరాబాద్ ఆరోపణ. తాము దిగ్బంధనం విధించలేదనీ, ఆయుధాల రవాణాను, తమ ద్రవ్యవ్యవస్థకు చేటు చేసే లావాదేవీలను మాత్రమే నియంత్రించామనీ భారత ప్రభుత్వ సమాధానం. ఈ రెండింటిలో ఏది నిజమో నిర్ధారించే తటస్థ విచారణ జరగలేదు. అందువల్ల ఇక్కడ పరిశీలించగలిగింది ఆరోపణ నిజమైన పక్షంలో న్యాయం ఏమి చెబుతుందన్నది మాత్రమే.

3. ఒప్పందం విధించే పరిమితి:
ఆర్థిక ఆంక్షలను అంతర్జాతీయ న్యాయం సాధారణ సూత్రంగా నిషేధించలేదు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశంలో, బలప్రయోగ నిషేధంలో ఆర్థిక చర్యలను కూడా చేర్చాలని బ్రెజిల్ చేసిన ప్రతిపాదన నెగ్గలేదు. కనుక సమితి చార్టర్ 2(4) అధికరణంలోని బలప్రయోగమనే మాటకు సాయుధ బలమనే అర్థం స్థిరపడింది. ఏ రాజ్యంతో వ్యాపారం చేయాలో, ఎవరితో మానుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ప్రతి రాజ్యానికీ ఉంది. ఆ స్వేచ్ఛను తగ్గించేది ముఖ్యంగా ఆ రాజ్యం స్వయంగా చేసుకున్న ఒప్పందమే.

నికరాగ్వా కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు దీనిని స్పష్టం చేసింది. అమెరికా చక్కెర కోటాను 90 శాతం తగ్గించడం, 1985లో పూర్తి వాణిజ్య నిషేధం విధించడం జోక్యరాహిత్యమనే ఆచార సూత్రానికి భంగకరమని న్యాయస్థానం అంగీకరించలేదు. అయితే ఆ వాణిజ్య నిషేధం ఇరుదేశాల 1956 నాటి మైత్రీ వాణిజ్య ఒప్పందాన్ని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. చర్య ఒకటే. సాధారణ న్యాయం దానిని ఆపలేకపోయింది, ఒప్పందం ఆపగలిగింది.

ఈ తర్కాన్ని హైదరాబాద్‌కు వర్తింపజేస్తే రెండు పత్రాలు ముందుకు వస్తాయి. మొదటిది 1802లో నిజాం, ఈస్టిండియా కంపెనీ చేసుకున్న వాణిజ్య ఒప్పందం. మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వినియోగించుకునే హక్కును అది నిజాంకు ఇచ్చింది. రెండవది 1947 భారత స్వాతంత్ర్య చట్టం. దాని 7వ సెక్షన్ సంస్థానాలపై బ్రిటిష్ సర్వాధిపత్యాన్ని, దానితోపాటు పాత ఒప్పందాలను రద్దు చేసింది. అయితే సుంకాలు, సరుకుల రవాణా, తపాలా, తంతి వంటి విషయాల్లోని ఏర్పాట్లు, ఒక పక్షం వాటిని తిరస్కరించేవరకు లేదా కొత్త ఒప్పందం వచ్చేవరకు అమలులో ఉంటాయని అదే సెక్షన్ మినహాయింపు చేర్చింది. ఆ తరువాత యథాతథ ఒప్పందం ఉమ్మడి వ్యవహారాల పాత ఏర్పాట్లను కొనసాగించింది. కాబట్టి సరుకుల రవాణా భారత ప్రభుత్వ ఇష్టాయిష్టాల మీద మాత్రమే ఆధారపడినది కాదని, ఒప్పంద బలమున్నదని వాదించడానికి గట్టి ఆధారముంది. హైదరాబాద్ ఫిర్యాదులో న్యాయపరంగా బలమైన భాగం ఇదే. అయితే ఇదే ఒప్పందం విదేశాంగ వ్యవహారాలను కూడా పాత స్థితిలో ఉంచింది. పాకిస్తాన్‌కు రుణమివ్వజూపడాన్ని ప్రశ్నించే హక్కు అందువల్లనే భారత ప్రభుత్వానికి లభించింది.

4. ప్రతిచర్యల నియమాలు:
ఎదుటి పక్షం ముందుగా ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే, మామూలుగా అక్రమమనిపించుకునే చర్య కూడా ప్రతిచర్యగా సమర్థనీయం కావచ్చు. 1928 నాటి నౌలిలా తీర్పు దీనికి మూడు షరతులు చెప్పింది. పోర్చుగల్, జర్మనీల మధ్య వచ్చిన ఆ వివాదంలో మధ్యవర్తులు, ముందుగా ఎదుటి పక్షపు అక్రమం ఉండాలనీ, పరిహారం కోరి విఫలమై ఉండాలనీ, ప్రతిచర్య ఆ అక్రమానికి బొత్తిగా పొంతన లేనంత తీవ్రంగా ఉండరాదనీ నిర్ణయించారు. 1948 నాటికి అందుబాటులో ఉన్న కొలబద్ద ఇది.

మొదటి రెండు షరతుల్లో భారత వాదన నిలబడుతుంది. నాణెం, రుణం విషయాల్లో ఆక్షేపణలు తెలిపింది, నెలల తరబడి సంప్రదింపులు జరిపింది. చిక్కంతా మూడవ షరతులో ఉంది. నాణెం చెల్లుబాటుకు, సెక్యూరిటీల రుణానికి ప్రతిగా సెక్యూరిటీల బదిలీని ఆపడంలో పొంతన కనిపిస్తుంది. ఆసుపత్రికి చేరవలసిన మందులను ఆపితే అటువంటి పొంతన చూపడం కష్టం. అంటే ఆంక్షలన్నింటినీ కలిపి ఒక్క మాటలో న్యాయమనో, అన్యాయమనో తేల్చలేము. ఒక్కొక్క చర్యను విడదీసి చూడవలసి ఉంటుంది.

ఆ తరువాత 2001లో అంతర్జాతీయ న్యాయ కమిషన్ రూపొందించిన రాజ్య బాధ్యతా నిబంధనలు ఈ నియమాలను మరింత వివరించాయి. వాటిలో రెండు ఈ సందర్భానికి సరిపోతాయి. ప్రతిచర్య తీసుకునే రాజ్యం వివాద పరిష్కారానికి తాను ముందే అంగీకరించిన విధానం నుండి తప్పుకోరాదు. యథాతథ ఒప్పందంలోని మధ్యవర్తిత్వ అధికరణానికి ఉన్న ప్రాముఖ్యం ఇక్కడ తెలుస్తుంది. రెండవది, రాజ్యానికి చెందిన ఏ అంగం చేసినా ఆ పని రాజ్యం చేసినట్లే. రాష్ట్ర ప్రభుత్వాలో, సరిహద్దు అధికారులో సరుకులను ఆపి ఉంటే, కేంద్రం ఉత్తర్వు ఇవ్వలేదన్న సమాధానం మాత్రమే బాధ్యతను తొలగించదు.

5. మానవీయ పరిమితి:
ప్రతిచర్యలు మౌలిక మానవ హక్కులకు భంగం కలిగించరాదన్నది కూడా 2001 నిబంధనల్లో ఉంది. ఇరాన్ వేసిన కేసులో 2018 అక్టోబరు 3న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దీనికి ఆచరణరూపం. మందులు, వైద్య పరికరాలు, ఆహారం, వ్యవసాయోత్పత్తులు, పౌర విమానాల భద్రతకు కావలసిన విడిభాగాలు ఇరాన్‌కు చేరడానికి ఆంక్షలవల్ల కలిగే ఆటంకాలను తొలగించాలని అమెరికాను ఆదేశించింది. ఆ ఉత్తర్వుకు ఆధారం 1955 నాటి మైత్రీ ఒప్పందం. ఉత్తర్వు వెలువడిన రోజే ఆ ఒప్పందం నుండి వైదొలగుతున్నట్లు అమెరికా ప్రకటించడం గమనార్హం. ఒప్పందంపై ఆధారపడిన రక్షణకు గల బలహీనత కూడా అదే. 1948లో మందుల కొరత ఆరోపణను విని, ఇటువంటి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగల వేదిక హైదరాబాద్‌కు లేదు.

6. భద్రతామండలి ముందు:
సభ్యత్వం లేని రాజ్యాలు వివాదాన్ని మండలి దృష్టికి తేవడానికి అవకాశమిచ్చే చార్టర్ 35(2) అధికరణం కింద హైదరాబాద్ ఫిర్యాదు చేసింది. మండలి 1948 సెప్టెంబరు 16న పారిస్‌లో దానిని చేపట్టింది. అప్పటికి భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించి మూడు రోజులైంది. 8 ఓట్లతో అంశాన్ని కార్యక్రమ పట్టికలో చేర్చారు, ముగ్గురు సభ్యులు తటస్థంగా ఉన్నారు. హైదరాబాద్ పక్షాన నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్, భారత పక్షాన రామస్వామి మొదలియార్ మాట్లాడారు. హైదరాబాద్ రాజ్యమే కాదు గనుక మండలికి వచ్చే అర్హత దానికి లేదన్నది భారత వాదన. దిగ్బంధనం జరిగిందా, అది న్యాయమా అన్న ప్రశ్నలకంటె ముందే అర్హత ప్రశ్న నిలిచింది. దానికీ సమాధానం రాలేదు. హైదరాబాద్ సైన్యం లొంగిపోయింది. సెప్టెంబరు 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. 1949 మే నెలలో పాకిస్తాన్ తిరిగి ప్రస్తావించినా తీర్మానమేదీ వెలువడలేదు.

7. ముగింపు:
హైదరాబాద్ ప్రజలు ఆనాడు రెండు వైపులా ఒత్తిడికి గురయ్యారు. నిజాం పాలనపై పోరాడుతున్న రైతుకు ఉప్పు, రోగికి మందు అందకపోతే ఆ భారం పాలకునికంటె ముందు వారిమీదనే పడుతుంది. నిజాం నిరంకుశత్వాన్ని ఎంత గట్టిగా నిరసించినా, అతనిపై ప్రయోగించే సాధనాలకు గల హద్దుల ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏకపక్ష ఆంక్షలు స్వతహాగా అక్రమం కావనీ, చేసుకున్న ఒప్పందం, ఎదుటివారి తప్పుకు తగిన పరిమాణం, సామాన్యుల ప్రాణావసరాలు వాటికి హద్దులు గీస్తాయనీ ఈ పరిశీలనలో తేలింది. ఆ హద్దులు దాటిందీ లేనిదీ తేల్చే వేదిక సకాలంలో దొరకకపోతే అవి కాగితానికే పరిమితమవుతాయి. హైదరాబాద్ ఫిర్యాదు అందిన నాటికి, మండలి దానిని చేపట్టిన నాటికి మధ్య గడిచిన 26 రోజులే దీనికి నిదర్శనం.