పాస్‌వర్డ్ హ్యాష్, కాలమ్ ఎన్‌క్రిప్షన్: యూజర్స్ టేబుల్‌లో రహస్యాలు దాచిన చరిత్ర

లాగిన్ ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్ వెనకా, డేటాబేస్‌లో యూజర్స్ టేబుల్ ఒకటి ఉంటుంది. అందులో రెండు రకాల రహస్యాలు పక్కపక్క కాలమ్‌లలో కూర్చుంటాయి. పాస్‌వర్డ్‌ను సిస్టమ్ తిరిగి చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. ఇప్పుడు కొట్టిందీ, మొదట పెట్టుకున్నదీ ఒకటేనా అని తేలితే చాలు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అలా కాదు, పింఛను జమ చేసే రోజున అసలు అంకెలే కావాలి. అందుకే పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని హ్యాష్‌గా మారుస్తారు, ఖాతా నంబరును కీ ఉంటేనే విప్పగలిగేలా ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఈ రెండింటినీ కలిపేసుకున్న చోటల్లా నష్టం జరిగింది.

తొలి పాఠాలు

అమెరికాలోని ఎంఐటీలో 1960ల మొదట్లో నడిచిన సీటీఎస్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఫైల్లో ఉన్నవి ఉన్నట్టుగా ఉండేవి. 1966లో ఒక నిర్వాహకుడు ఆ ఫైలును, మరొకరు రోజువారీ ప్రకటనను ఒకే సమయంలో దిద్దుతుండగా, ఎడిటర్ ప్రోగ్రాంలోని లోపం వల్ల రెండూ తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతివాళ్లకూ ప్రకటన బదులు అందరి పాస్‌వర్డ్‌లూ కనిపించాయి. దొంగ ఎవరూ లేరు, దాడి జరగలేదు. సాదాగా రాసి పెట్టినది ఏదో ఒకనాడు బయటికి వస్తుందనడానికి తొలినాటి దాఖలాల్లో ఇదొకటి. దాదాపు అదే కాలంలో కేంబ్రిడ్జ్‌లో రోజర్ నీధమ్ టైటాన్ కంప్యూటర్ కోసం వేరే దారి ఎంచుకున్నారు. పాస్‌వర్డ్‌ను ఒకవైపే నడిచే గణితంలో వేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాచారు.

సాల్ట్ వచ్చింది యూనిక్స్‌తో. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన పరిశోధన పత్రం ఈ రంగంలో ఇప్పటికీ చదవదగ్గది. వాళ్లు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 86 శాతం మరీ చిన్నవో, నిఘంటువులో దొరికే మాటలో, పేర్లో. కాబట్టి దాడిచేసేవాడు హ్యాష్‌ను వెనక్కి తిప్పనక్కర్లేదు. తెలిసిన మాటలన్నీ హ్యాష్ చేసి పోల్చుకుంటే సరిపోతుంది. దీనికి వాళ్లు రెండు విరుగుళ్లు కనిపెట్టారు. ఒకటి, పనిని కావాలని నెమ్మదింపజేయడం. పాస్‌వర్డ్‌ను కీగా పెట్టి డీఈఎస్ లెక్కను 25 సార్లు నడిపించారు. రెండోది సాల్ట్. ఒక్కో యూజర్‌కు 12 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య కలిపారు. దాంతో ఒకే పాస్‌వర్డ్‌కు 4,096 రకాల ఫలితాలు రావచ్చు. ముందే తయారుచేసి పెట్టుకున్న ఒక్క జాబితాతో అందరి గుట్టూ పట్టే వీలు పోయింది. సాల్ట్ రహస్యమేమీ కాదు, హ్యాష్ పక్కనే ఉంటుంది. ఒక్కో వరుసనూ విడివిడిగా ఛేదించాల్సిన గతి పట్టించడమే దాని పని.

తర్వాత చరిత్ర చాలామటుకు కంప్యూటర్ల వేగంతో పరుగుపందెం. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ కోసం నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మజియేర్ తెచ్చిన బీక్రిప్ట్‌లో ఎంత నెమ్మదిగా ఉండాలో మనమే పెంచుకోవచ్చు. 2009లో వచ్చిన ఎస్‌క్రిప్ట్ దానికి తోడు మెమరీని కూడా ఎక్కువగా తినేస్తుంది. 2015లో అంతర్జాతీయ పోటీలో నెగ్గిన ఆర్గాన్2 ఇప్పుడు కొత్త పనులకు మొదటి ఎంపిక.

ఎన్‌క్రిప్ట్ చేయకూడనిది చేస్తే

2012లో లింక్‌డిన్ నుంచి బయటపడ్డ 65 లక్షల హ్యాష్‌లకు సాల్ట్ లేదు. అవి వేగంగా లెక్కగట్టగలిగే షా-1 హ్యాష్‌లు కావడంతో చాలావాటిని రోజుల్లోనే ఛేదించారు. కానీ ఎక్కువ నేర్పేది 2013 నాటి అడోబీ ఉదంతం. ఆ సంస్థ 13 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లను హ్యాష్ చేయకుండా ట్రిపుల్ డీఈఎస్‌తో, అందరికీ ఒకే కీతో ఎన్‌క్రిప్ట్ చేసింది. అదీ ఎనిమిదేసి బైట్ల ముక్కలను వేటికవే మార్చే ఈసీబీ పద్ధతిలో. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లందరికీ ఒకే ఫలితం వచ్చింది. పైగా యూజర్లు రాసుకున్న సూచనలు పక్క కాలమ్‌లో మామూలు అక్షరాల్లో ఉన్నాయి. కీ ఏమిటో బయటి పరిశోధకులకు దొరకలేదు, దొరకాల్సిన అవసరమూ రాలేదు. ఒకే ఫలితం ఉన్న వరుసలను ఒకచోట చేర్చి, వాటి సూచనలు చదివితే పాస్‌వర్డ్ ఇట్టే తెలిసిపోయింది. దాదాపు 19 లక్షల మంది 123456 పెట్టుకున్నారని తేలింది అలాగే.

తెలుగు నేలమీద: ఆధార్ కాలమ్

ఉపాధి హామీ పథకం 2006లో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మెదక్ ఒకటి. కూలీ డబ్బులు, పింఛన్లు ఆధార్‌తో ముడిపడ్డాక, ఆ జాబితాల్లో ఆధార్ ఒక కాలమ్ అయింది. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఇచ్చిన నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో ఆధార్ నంబర్లు బాహాటంగా కనిపిస్తున్నాయని చూపింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది, చంద్రన్న బీమాది.

ఆ జులైలోనే ఆధార్ ప్రాధికార సంస్థ ఆదేశం వచ్చింది. ఆధార్ నంబర్లను ఎన్‌క్రిప్ట్ చేసి వేరే వాల్ట్‌లో పెట్టాలి, మిగతా టేబుళ్లలో దాని బదులు రిఫరెన్స్ కీ వాడాలి, ఎన్‌క్రిప్షన్ కీలను హెచ్ఎస్ఎం అనే ప్రత్యేక పరికరంలో ఉంచాలి. నా దృష్టిలో మన దేశంలో కాలమ్ ఎన్‌క్రిప్షన్ ఐచ్ఛికం నుంచి విధిగా మారింది ఇక్కడే.

2018 ఫిబ్రవరిలో ఫ్రెంచ్ పరిశోధకుడు బాప్టిస్ట్ రాబర్ట్, తెలంగాణ చెల్లింపుల పోర్టల్ టీఎస్‌పోస్ట్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం ఉందని బయటపెట్టారు. వెబ్ పేజీలోని గడిలో ఎస్‌క్యూఎల్ ముక్క జొప్పించి డేటాబేస్‌తో మనకు కావలసింది చెప్పించుకోవడం ఇది. అందులో 56 లక్షల ఉపాధి కూలీల, 40 లక్షల పింఛనుదారుల ఖాతా వివరాలు ఆధార్‌తో సహా ఉన్నాయని పత్రికలు రాశాయి.

ఇలాంటి లోపం ముందు ఏ ఎన్‌క్రిప్షన్ నిలుస్తుందన్నది తేల్చుకోవాల్సిన విషయం. ఒరాకిల్‌లో 2005 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచి పారదర్శక ఎన్‌క్రిప్షన్ దొరుకుతోంది. డిస్కు పోయినా, బ్యాకప్ టేపు దొంగిలించినా అది కాపాడుతుంది. కానీ అనుమతి ఉన్న క్వెరీ రాగానే డేటాబేసే దాన్ని విప్పి ఇచ్చేస్తుంది. ఇంజెక్షన్‌తో వచ్చిన క్వెరీకీ, అసలు క్వెరీకీ దానికి తేడా తెలియదు. కీ డేటాబేస్‌కు అందకుండా అప్లికేషన్ వైపు ఉంటేనే, లాక్కున్నవాడి చేతికి అర్థంకాని బైట్లు మిగులుతాయి. ఆ అప్లికేషనే వాడి చేతికి చిక్కితే మాత్రం ఇదీ నిలవదు.

ఒక వరుసను దగ్గరగా చూస్తే

మెదక్ పట్టణంలో పింఛన్ల పనికి వాడే టేబుల్ ఒకటి ఊహించుకుందాం:

```sql
CREATE TABLE users (
  id            BIGINT PRIMARY KEY,
  login         VARCHAR(50) UNIQUE NOT NULL,
  password_hash VARCHAR(255) NOT NULL,
  aadhaar_enc   VARBINARY(64),
  aadhaar_idx   BINARY(32)
);
```

ఇద్దరు ఆపరేటర్లు 123456 అనే పాస్‌వర్డే పెట్టుకున్నారనుకోండి. సాల్ట్ లేని ఎండీ5 అయితే ఇద్దరి వరుసల్లోనూ `e10adc3949ba59abbe56e057f20f883e` అనే ఉంటుంది. దాన్ని సెర్చ్‌లో కొడితే చాలు, జవాబు దొరుకుతుంది. బీక్రిప్ట్‌లో ఇద్దరికీ వేర్వేరుగా వస్తుంది. దాని రూపం ఇలా ఉంటుంది:

```
$2a$12$R9h/cIPz0gi.URNNX3kh2OPST9/PgBkqquzi.Ss7KIUgO2t0jWMUW
```

ఇందులో 12 అంటే 2 ఘాతం 12, అంటే 4,096 చుట్లు. తర్వాతి 22 అక్షరాలు సాల్ట్, చివరి 31 హ్యాష్. లాగిన్ సరిచూడటానికి కావలసినదంతా ఈ ఒక్క స్ట్రింగ్‌లోనే ఉంది, కాబట్టి సాల్ట్‌కు వేరే కాలమ్ అక్కర్లేదు. తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సిన పరిమితి ఒకటుంది. బీక్రిప్ట్ 72 బైట్లకు మించి చూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ మూడు బైట్లు. 'మెదక్' అన్న చిన్న మాటకే 15 బైట్లవుతాయి. తెలుగులో పొడవాటి వాక్యం పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే దాదాపు 24 సంకేతాల తర్వాత ఏమున్నా లెక్కలోకి రాదు.

ఇక ఆధార్ కాలమ్. ఏఈఎస్-జీసీఎం పద్ధతిలో ప్రతి వరుసకూ 12 బైట్ల కొత్త నాన్స్ తీసుకుంటారు. 12 అంకెలకు 12 బైట్లు, ఎవరైనా మారిస్తే పట్టిచ్చే ట్యాగ్‌కు 16 బైట్లు. మొత్తం 40. పాత `VARCHAR(12)` కాలమ్‌లోనే నెట్టేద్దామనుకుంటే కుదరదు. ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు వరుస `id`ని కూడా జీసీఎంకు అదనపు సమాచారంగా అందించాలి. లేకపోతే లోపలి మనిషి ఒకరి బైట్లను కాపీ చేసి మరొకరి వరుసలో అతికించినా సిస్టమ్‌కు తెలియదు. డబ్బులు జమయ్యే ఖాతా నంబరు విషయంలో అది నేరుగా దోపిడీయే.

నాన్స్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఒకే నంబరుకు ఒకే ఫలితం రాదు. అడోబీ పొరపాటు తప్పుతుంది గానీ, "ఈ ఆధార్ ఇప్పటికే నమోదైందా?" అని వెతికే దారి కూడా మూసుకుపోతుంది. ఇక్కడే చాలామంది ఆధార్‌ను షా-256తో హ్యాష్ చేసి పక్కన కాలమ్‌లో పెట్టేస్తారు. అది దాదాపు సాదా అంకెలు పెట్టినట్టే. ఆధార్‌లో మొదటి అంకె 0, 1 కాదు. చివరిది ముందు పదకొండింటి నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. మిగిలే అవకాశాలు 8,000 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ నేటి గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు వందల కోట్ల షా-256 లెక్కలు చేస్తుంది. నిమిషంలోపే మొత్తం జాబితా తయారు. వరుస పక్కనే సాల్ట్ ఉన్నా ఒక్కొక్కరికీ పట్టేది అంతే సమయం. అందుకే `aadhaar_idx`లో ఉండాల్సింది వేరే రహస్య కీతో లెక్కగట్టిన హెచ్‌మ్యాక్-షా-256. అది 32 బైట్లు. ఆ కీ డేటాబేస్ బయటే ఉండాలి. దీంతో సరిగ్గా అదే నంబరు కోసం వెతకొచ్చు. నంబరులో కొంత భాగంతో వెతకడం మాత్రం పోతుంది, ఆ నష్టాన్ని ఒప్పుకోక తప్పదు.

చట్టం, పరీక్ష

2011 నాటి ఐటీ నిబంధనలే పాస్‌వర్డ్‌ను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా లెక్కించాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు ఎన్‌క్రిప్షన్, మాస్కింగ్, వర్చువల్ టోకెన్లను పేరుపెట్టి ప్రస్తావించాయి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

బయటి మనిషి డేటాబేస్ చూడలేకపోయినా ఒక పరీక్ష చేయొచ్చు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కినప్పుడు కొత్తది పెట్టుకోమని లింకు వస్తే సరే. మీ పాత పాస్‌వర్డే మెసేజ్‌గా వచ్చిందంటే అక్కడ హ్యాష్ లేదని రుజువైనట్టే. ఆ పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడ వాడుతున్నా అక్కడ వెంటనే మార్చేయండి.