తాళం మార్చితే చాలదు: కేస్ షీటు ఎవరు తెరిచారన్న ప్రశ్న

రోగి వివరాలు బయటకు పొక్కిన తర్వాత ఆసుపత్రి పరిపాలనాధికారి సిబ్బందికి పంపే సర్క్యులర్‌లో ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: ‘ఇకమీదట రోగుల ఫైళ్లు ఎవరు తెరవవచ్చో పునఃపరిశీలిస్తున్నాం.’ ఇది రేపటికి సంబంధించిన మాట. నిన్న ఎవరు తెరిచారని అడిగే రోగికి ఇందులో జవాబు లేదు. ఆ రెండో ప్రశ్నను వదిలేస్తే ఏమవుతుందో ఫిన్లాండ్‌లోని ఒక నర్సు వ్యాజ్యం చూపుతుంది.

ఆమెకు 1987లో హెచ్‌ఐవీ సోకినట్లు తేలింది. 1989 నుంచి ఆమె ఒక ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో పనిచేస్తూ, అదే ఆసుపత్రిలోని మరో విభాగంలో చికిత్స పొందేది. అక్కడ సిబ్బంది రోగుల రికార్డులు స్వేచ్ఛగా చూడగలిగేవారు. తన జబ్బు సంగతి తోటివారికి తెలిసిపోయిందని 1992లో ఆమెకు అనుమానం వచ్చింది. డాక్టరుకు చెప్పుకుంటే ఆసుపత్రి వెంటనే తాళం మార్చింది: చికిత్స చేసేవారే ఫైలు చూసేలా కట్టడి పెట్టి, ఆమెను వేరే పేరుతో నమోదు చేసింది.

1996లో ఆమె తన ఫైలును ఎవరెవరు చూశారో తేల్చమని అధికారులను కోరింది. తేల్చలేమన్నారు. రికార్డు వ్యవస్థలో చివరి ఐదు సందర్శనలే కనిపించేవి. అవీ మనిషి పేరుతో కాదు, విభాగం పేరుతో. ఫైలు ఆర్కైవ్‌కు తిరిగి చేరగానే అదీ చెరిగిపోయేది. పరిహారం కోసం కోర్టుకెక్కితే, సహోద్యోగులు చూశారని రుజువు చేయాల్సిన భారం ఆమె మీదే పడింది. ఆ రుజువును మిగల్చనిది మాత్రం ఆసుపత్రి. నాకు ఈ కేసులో అన్నిటికన్నా బాధ కలిగించే అంశం ఇదే.

2008 జులై 17న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఫైలును చికిత్స చేసేవారికే పరిమితం చేసి ఉన్నా, తెరిచిన ప్రతివారి పేరూ నమోదు చేసి ఉన్నా ఆమె అంత నిస్సహాయంగా మిగిలేది కాదని అభిప్రాయపడింది. జరిగాక నష్టపరిహారం అడిగే దారి ఉంటే చాలదు, అక్రమంగా చూసే అవకాశమే లేకుండా ముందే కాపాడాలని స్పష్టం చేసింది.

అయినా తాళాన్ని మరీ బిగించలేం. రాత్రి రెండింటికి వేరే వార్డు రోగి స్పృహ తప్పితే డ్యూటీ డాక్టరు అనుమతి కోసం ఎదురుచూడకూడదు. అత్యవసర ద్వారం ఉండాలి, తెరిచినవారు కారణం రాయాలి, మర్నాడు మరొకరు దాన్ని చదవాలి. నెదర్లాండ్స్‌లోని హాగా ఆసుపత్రిలో ఒక ప్రముఖ వ్యక్తి ఫైలును పదుల సంఖ్యలో సిబ్బంది చూసినప్పుడు లాగ్ లేకపోలేదు. దాన్ని క్రమంగా పరిశీలించకపోవడం, రెండంచెల లాగిన్ పెట్టకపోవడం లోపాలని తేల్చి నియంత్రణ సంస్థ 2019లో 4,60,000 యూరోల జరిమానా విధించింది.

కాబట్టి సర్క్యులర్‌లో కొత్త అనుమతుల పట్టికతోపాటు మూడు మాటలు ఉండాలి: పాత లాగ్‌ను ఏ తేదీ నుంచి చూస్తున్నారు, చూసేది ఎవరు, రోగి అడిగితే ఆ జాబితా ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఫిన్లాండ్ ఆసుపత్రి చూసినవారిని వెనక్కి వెళ్లి గుర్తించగల ఏర్పాటు 1998లో చేసింది. ఆ నర్సు అడిగినది మాత్రం 1992కు ముందు సంగతి.