చెట్లా, ఆటలు నేర్పే మాస్టర్లా?

హెర్బర్ట్ సైమన్‌కు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారనే అతని సిద్ధాంతానికి విత్తు పిల్లల ఆటస్థలంలో పడిందని తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది.

1935. సైమన్‌కు పందొమ్మిదేళ్లు. షికాగో యూనివర్సిటీలో చదువుతూ, సొంత ఊరు మిల్వాకీలో ఆటస్థలాల నిర్వహణ ఎలా ఉందో చూడ్డానికి వెళ్లాడు. స్థలాన్ని బాగుచేసేది నగర పనుల శాఖ. పిల్లల్ని ఆడించే మాస్టర్లను పెట్టేది స్కూలు బోర్డు. ఉన్న డబ్బును ఈ రెండింటికీ ఎలా పంచాలి? కుర్రవాడు క్లాసులో నేర్చుకున్న జవాబు తేలిక: చెట్లమీద పెట్టే ఆఖరి డాలరూ, మాస్టరుమీద పెట్టే ఆఖరి డాలరూ సమానమైన మేలు చేసేదాకా పంచుతూ పో.

అక్కడ ఆ లెక్క వేసేవాడే లేడు. వేద్దామన్నా ఇంకో మాస్టరు వస్తే పిల్లలకు ఎంత మేలో చెప్పే అంకె ఎవరి దగ్గరా లేదు. పనుల శాఖవాళ్లకు ఆటస్థలమంటే నేల, చెట్లు. బోర్డువాళ్లకు ఆడే పిల్లలు. ఎవరి కుర్చీలోంచి వాళ్లు చూస్తున్నారు. వాళ్లు తెలివితక్కువవాళ్లనుకుని నవ్వి వచ్చేస్తే కథ అక్కడితో సరి. సైమన్ తప్పు పాఠంలో ఉందేమోనని అనుమానించాడు. దానికి 1947లో పుస్తకరూపం వచ్చింది: మనిషి హేతువుతోనే ఆలోచిస్తాడు, కానీ అతనికున్న సమాచారం, సమయం, బుర్ర పట్టినంతవరకే.

అద్దె ఇల్లు వెతికేవాళ్లను చూడండి. ఊళ్లోని ఇళ్లన్నీ చూసి మార్కులు వేయరు. నీళ్లుండాలి, అద్దె ఇంతలో ఉండాలి, బస్సు దగ్గరుండాలి అనుకుంటారు. మూడూ కుదిరిన మొదటి ఇంటికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. పదిళ్లు తిరిగినా కుదరకపోతే బస్సు సంగతి వదిలేస్తారు. సైమన్ చెప్పిన సరిపెట్టుకోవడం ఇదే.

అన్నీ తూచి తేల్చుకోవాలనే పాత ఆదర్శం అందమైనదే. 1772లో శాస్త్రవేత్త ప్రీస్ట్లీ ఒక ఉద్యోగం గురించి సలహా అడిగితే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాగితాన్ని రెండు నిలువు వరుసలు చేసి, మంచీ చెడ్డా రాసి, సమానమైనవి కొట్టేయమన్నాడు. మధ్య నూట ఎనభై ఏడేళ్లు దాటేద్దాం.

1959లో రాజనీతి శాస్త్రవేత్త చార్లెస్ లిండ్‌బ్లమ్ ప్రభుత్వాల సంగతి చెప్పాడు. అధికారి లక్ష్యాలన్నీ తేల్చుకుని దారి వెతకడు. ఉన్న విధానానికి కొంచెం అటూ ఇటూగా ఉన్న రెండు మూడు మార్పులే పోల్చి చూస్తాడు. వేరునుంచి కాదు, కొమ్మనుంచి పని. లక్ష్యాల్లో పడనివాళ్లు కూడా ఒక చర్య దగ్గర ఒప్పుకోగలరు. పొరపాటైతే వచ్చే ఏడు దిద్దుకోవచ్చు.

నిన్నటి విధానం ఓ మాదిరిగానైనా ఉంటేనే ఇది చెల్లుతుందని యెహెజ్కెల్ డ్రోర్ 1964లోనే అడ్డుపడ్డాడు. నిజమే. నాకు బాధేమిటంటే, లిండ్‌బ్లమ్‌లోని దిద్దుకునే సగం పోయి నిరుటి పద్దుకు పది శాతం కలిపే సగమే ఆఫీసుల్లో మిగిలింది.

అన్నీ వేరునుంచి తేల్చుకునే పద్ధతికీ ఒక అవకాశం దొరికింది. పెంటగాన్‌లో రక్షణమంత్రి మెక్‌నమారా నడిపిన లెక్కల బడ్జెట్టును 1965 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మిగతా ఫెడరల్ శాఖలకూ పెట్టాడు. ప్రతి పథకానికీ లక్ష్యం, ప్రత్యామ్నాయాలు, ఖర్చు, ఫలితం రాసి పంపాలి. 1971లో, ఆ కాగితాలు ఇక పంపనక్కర్లేదని శాఖలకు కబురు వెళ్లింది.