యూట్యూబ్ ఛానల్ రద్దు: స్ట్రైక్‌లు, పునరుద్ధరణ వినతి

పదేపదే స్ట్రైక్‌లు పడిన ఛానల్‌ను యూట్యూబ్ తొలగించడాన్ని వాడుకలో ‘ఛానల్ టెర్మినేట్ అయింది’ అంటారు. తొలగింపుతో పాటు వీడియోలు, చందాదారులు, ఆదాయం అన్నీ ఒక్కసారిగా అందకుండా పోతాయి. ఆ కంగారులో చాలామంది మొదట చేసే పని ఇంకో మెయిల్ ఐడీతో కొత్త ఛానల్ తెరవడం. ఇది నిబంధనల్ని తప్పించుకోవడం కిందికి వస్తుంది, ఆ కొత్త ఛానల్ కూడా పోతుంది. అంతకన్నా ముందు చేయవలసింది, తొలగింపు మెయిల్‌లో ఏ కారణం రాశారో చూడడం. స్ట్రైక్‌లలో రెండు వేర్వేరు రకాలున్నాయి. ఒకదానికి రాసే వినతి రెండోదానికి పనికిరాదు.

మొదటిది కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్. ద్వేషం, వేధింపు, ప్రమాదకరమైన చేష్టలు, మోసపు లింకులు వంటి వాటిపై యూట్యూబ్ తానే ఇది వేస్తుంది. మొదటిసారి సాధారణంగా హెచ్చరికతో సరిపెడతారు. ఆ తర్వాత పడే మొదటి స్ట్రైక్‌తో వారం రోజులు, 90 రోజుల్లోపు రెండోది పడితే రెండు వారాలు అప్‌లోడ్ చేయలేరు. అదే 90 రోజుల్లో మూడోది పడితే ఛానల్ తొలగిపోతుంది. తీవ్రమైన ఉల్లంఘన అయితే ఈ లెక్కతో పని లేకుండా ఒక్కసారికే తొలగించవచ్చు. ఇక్కడ తీర్పు చెప్పేది యూట్యూబ్ కాబట్టి అప్పీల్ కూడా దానికే చేసుకోవాలి. ఛానల్ తొలగించిన నాటి నుంచి ఏడాది వరకు అందుకు గడువుంది.

రెండోది కాపీరైట్ స్ట్రైక్. దీన్ని రప్పించేది హక్కుదారు. సినిమా నిర్మాణ సంస్థో, మ్యూజిక్ కంపెనీయో, వార్తాసంస్థో చట్టప్రకారం తొలగింపు అభ్యర్థన పంపితే, అది సక్రమంగా ఉన్నంతవరకు యూట్యూబ్ వీడియో తీసేసి స్ట్రైక్ వేస్తుంది. అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం ఈ పద్ధతికి పునాది. హైదరాబాద్‌లో తీసిన వీడియోకైనా యూట్యూబ్ ఈ దారిలోనే నడుస్తుంది. దీనికీ కంటెంట్ ఐడీ క్లెయిమ్‌కూ తేడా ఉంది. క్లెయిమ్ పడితే మామూలుగా ప్రకటనల ఆదాయం హక్కుదారుకు పోతుంది, లేదా వీడియో కొన్నిచోట్ల కనిపించదు. దానివల్ల ఛానల్ పోదు. అయితే క్లెయిమ్‌ను వివాదం చేసి, అప్పీల్ దాకా తీసుకెళ్తే, హక్కుదారు తొలగింపు అభ్యర్థన పంపి దాన్ని స్ట్రైక్‌గా మార్చగలడు. బలమైన ఆధారం లేకుండా ప్రతి క్లెయిమ్‌పైనా పోరాడకపోవడమే మంచిది.

మూడు కాపీరైట్ స్ట్రైక్‌లు ఎంత తొందరగా పోగవుతాయో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. విజయవాడలోని ఒక సినిమా సమీక్షల ఛానల్ మానిటైజేషన్ పొందింది. మార్చి 3న ఒక పాటను పూర్తిగా నేపథ్యంలో పెట్టినందుకు మొదటి స్ట్రైక్ పడింది. ఏప్రిల్‌లో ట్రైలర్ విశ్లేషణపై రెండోది, మే 20న ఒక వార్తాఛానల్ క్లిప్ వాడిన వీడియోపై మూడోది వచ్చాయి. కాపీరైట్ స్కూల్ పాఠం పూర్తిచేసినవారికి స్ట్రైక్ 90 రోజులకు తొలగుతుంది. ఆ ప్రకారం మొదటిది జూన్ 1న పోవాలి. పన్నెండు రోజుల తేడాతో ఛానల్ ప్రమాదంలో పడింది. వీడియోలు డిలీట్ చేసినా ఫలితం లేదు, పడిన స్ట్రైక్ అలాగే ఉంటుంది.

భాగస్వామ్య కార్యక్రమంలో ఉన్న ఛానళ్లకు మూడో స్ట్రైక్ తర్వాత ఏడు రోజుల వెసులుబాటు ఇస్తారు. ఆ లోపు కౌంటర్ నోటిఫికేషన్ దాఖలు చేస్తే, అది తేలేవరకు ఛానల్‌ను మూయరు. కాబట్టి మన సమీక్షకుడు మే 27లోపు కదలాలి. మూడింటిపైనా ఒకే వాదన రాయడం దండగ. ఒక్క స్ట్రైక్ తొలగినా లెక్క రెండుకు దిగుతుంది కనుక, ఏది నిలబడుతుందో ఎంచుకోవాలి.

పాట విషయంలో అతని వైపు న్యాయం లేదు. అక్కడ ఉన్న దారి హక్కుదారుకు మర్యాదగా రాసి, అభ్యర్థన ఉపసంహరించుకోమని అడగడమే. దీన్ని రిట్రాక్షన్ అంటారు. ట్రైలర్ విశ్లేషణ వేరు. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల వార్తా కథనాల కోసం న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. అమెరికా చట్టంలో దీనికి దగ్గరి భావన ఫెయిర్ యూజ్. ఇన్ని సెకన్లలోపు వాడితే తప్పులేదన్న లెక్క ఈ చట్టాల్లో ఎక్కడా లేదు. ‘క్రెడిట్ ఇచ్చాను’ అన్నది కూడా రక్షణ కాదు. వాడిన ముక్క మీద ఏం చెప్పారు, చెప్పడానికి అంత ముక్క అవసరమా అన్నదే కీలకం.

అందుకే వినతిలో ‘నా జీవనాధారం ఇదే’ అన్న మాటకు బదులు ఇలాంటి వాక్యాలు ఉండాలి: “4:10 నుంచి 4:52 వరకు కనిపించేది ట్రైలర్‌లోని పోరాట దృశ్యం. మూలంలోని శబ్దం తీసేశాను. ఆ 42 సెకన్లూ నా గొంతులో ఆ దృశ్యపు కెమెరా కదలికలపై, ఎడిటింగ్‌పై విమర్శ వినిపిస్తుంది. దృశ్యం చూపకుండా ఆ విమర్శ అర్థం కాదు. మిగతా 11 నిమిషాలు నేను తీసినవే.” చదివే మనిషి వీడియో తెరిచి, ఆ నిమిషం దగ్గర సరిచూసుకోగలగాలి.

కౌంటర్ నోటిఫికేషన్ చట్టపరమైన పత్రం. అందులో అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తొలగించిన వీడియో లింకు ఉండాలి. పొరపాటువల్లే తొలగించారని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అబద్ధమైతే శిక్షకు లోబడాలి. అమెరికా బయట ఉన్నవారు యూట్యూబ్ ఉన్న ప్రాంతపు ఫెడరల్ కోర్టు పరిధికి అంగీకరించాలి. ఈ వివరాలన్నీ హక్కుదారుకు చేరతాయి. కోర్టుకు వెళ్లినట్టు ఆధారం చూపడానికి హక్కుదారుకు అమెరికా పనిదినాల్లో 10 రోజులు గడువు. చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది. ఛానల్ అప్పటికే రద్దయితే స్టూడియోలోని ఫారం తెరుచుకోదు. అదే సమాచారాన్ని మెయిల్‌గా copyright@youtube.com కు పంపాలి.

హక్కుదారుతో రాజీ ఎప్పుడూ తేలిక కాదు. 2025 మేలో యూట్యూబర్ మోహక్ మంగళ్, స్ట్రైక్‌లు తొలగించడానికి వార్తాసంస్థ ఏఎన్ఐ లక్షల రూపాయలు అడిగిందని వీడియోలో ఆరోపించారు. ఏఎన్ఐ ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. కోర్టు అభ్యంతరం చెప్పిన భాగాలను తొలగించడానికి మంగళ్ ఒప్పుకున్నారు. స్ట్రైక్ వివాదాన్ని బహిరంగంగా చెప్పేటప్పుడు మాటలు ఎంత జాగ్రత్తగా ఎంచుకోవాలో ఇది చూపింది.

కమ్యూనిటీ గైడ్‌లైన్స్ అప్పీల్‌లో కోర్టు, ప్రమాణం ఉండవు. అక్కడ మెయిల్‌లో పేర్కొన్న విధానాన్ని తీసుకుని, ఆ వీడియో దాన్ని ఎందుకు ఉల్లంఘించదో, లేదా ఏ విద్యా, వార్తా సందర్భం అందులో ఉందో రాయాలి. ఒక్కో స్ట్రైక్‌పై ఒక్కసారి మాత్రమే అప్పీల్ చేయగలరు కాబట్టి, పాత వీడియో కాపీ, స్క్రిప్టు, తేదీలు చేతిలో పెట్టుకున్నాకే పంపడం మేలు. 2025 అక్టోబరులో యూట్యూబ్, తొలగింపుకు గురై ఏడాది దాటిన కొందరు క్రియేటర్లు కొత్త ఛానల్ కోసం అర్జీ పెట్టుకునే అవకాశం ప్రకటించింది. కాపీరైట్ ఉల్లంఘనతో తొలగించిన వారికి అది వర్తించదు. కనుక వారికి మిగిలిన దారులు రిట్రాక్షన్, కౌంటర్ నోటిఫికేషన్ మాత్రమే.