ఒకే తుఫాను, వేరు వేరు జ్ఞాపకాలు: ఉద్దానం కుటుంబాల్లో స్మృతి పునర్నిర్మాణం

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న తెల్లవారకముందే పలాస సమీపంలో తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ రాత్రి ఒకే కప్పు కింద గడిపిన అన్నదమ్ములు నేడు దాన్ని ఒకేలా చెప్పకపోతే, ఒకరు నిజం చెబుతున్నారని, మరొకరు మరిచిపోయారని అనుకోవడం సహజం. నా వాదన వేరు. జ్ఞాపకం దాచిపెట్టిన దృశ్యం కాదు. తలచుకున్న ప్రతిసారీ మిగిలిన ఆనవాళ్లతో, తర్వాత విన్నవాటితో మనసు దాన్ని మళ్లీ కట్టుకుంటుంది. 1932లో మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ ప్రతిపాదించిన ఈ భావనకు ఉద్దానం మంచి పరీక్షాస్థలం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. అప్పటికి అన్నకు పద్నాలుగేళ్లు, తమ్ముడికి ఆరేళ్లు. తలుపుకు అడ్డంగా మంచం జరిపిన అన్నకు గాలి హోరు, తలుపు బరువు గుర్తుంటాయి. అమ్మ ఒడిలో దుప్పటి కింద ఉన్న తమ్ముడికి చీకటి, అమ్మ గొంతు గుర్తుంటాయి. అయినా కొబ్బరిచెట్లు విరిగిపడటం కళ్లారా చూశానని తమ్ముడు అంటాడు. ఆ చీకట్లో, ఆ దుప్పటి కింద అది సాధ్యం కాదు. తెల్లారాక చూసిన తోట, పెద్దల కబుర్లు, టీవీ దృశ్యాలు ఆ రాత్రిలోకి చేరిపోయాయి. అతను అబద్ధమాడటం లేదు. ఆ బొమ్మ ఎక్కడిదన్న గుర్తు మాత్రమే చెదిరింది.

అన్న కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను కూడా ఈ తోటలను దెబ్బతీసింది. రెండూ దసరా నవరాత్రుల్లోనే వచ్చాయి, రెండూ చీకట్లోనే విరుచుకుపడ్డాయి. అందుకే ఫైలిన్ నాటి సంఘటనను తిత్లీకి అంటగట్టడం చాలా తేలిక.

అంత భయంకరమైన రాత్రి చెరగకుండా ముద్రపడదా అన్నది బలమైన అభ్యంతరం. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎలా తెలిసిందో మనస్తత్వవేత్త నైసర్ విద్యార్థులతో రాయించాడు. రెండున్నరేళ్లకు మళ్లీ అడిగితే 44 మందిలో 11 మంది చెప్పింది పూర్తిగా తప్పని తేలింది. వారి ధీమాకు, కచ్చితత్వానికి పొంతన లేదు. తమ పాత రాతను చూపినా అసలు సంగతి వారికి గుర్తుకు రాలేదు. అయితే వార్త వినడం వేరు, తుఫానులో చిక్కుకోవడం వేరు. 1992లో ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ తుఫానును మూడు నాలుగేళ్ల వయసులో చూసిన పిల్లలు ఆరేళ్ల తర్వాత కూడా ఎంతో చెప్పగలిగారని మనస్తత్వవేత్త ఫివుష్ బృందం గమనించింది. తుఫాను తర్వాత మొదటిసారి అడిగినప్పుడు చెప్పినదానికంటే ఎక్కువే చెప్పారు. ఈ పెరుగుదలలో భాష ఎదగడం, ఇంట్లో కబుర్లు రెండూ ఉండి ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం. సంఘటన వెన్నెముక నిలిచినా, దానిపై వివరాలు చేరుతూనే ఉంటాయని నేను దీన్ని అర్థం చేసుకుంటాను.

అలాగని ఏ జ్ఞాపకాన్నీ నమ్మలేమని కాదు. తీరం దాటిన వేళ, ఎవరు ఎక్కడున్నారు, ఏది కనిపించగలదు అన్న మూడింటితో ప్రతి కథనాన్నీ సరిచూడవచ్చు. ముగ్గురు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది మూడు సాక్ష్యాలు కాదు. ముగ్గురూ అమ్మ నోటే విని ఉండవచ్చు. అందుకే ఉద్దానం తుఫాను అనుభవాలు సేకరించేవారు కుటుంబాన్ని ఒకచోట కూర్చోబెట్టకముందే, ఒక్కొక్కరి మాటనూ విడిగా, తేదీ వేసి నమోదు చేయాలి.