బ్యాంకు ద్వారా వచ్చిన బీమా పాలసీ: ఫ్రీ లుక్ గడువులో రద్దు

పొదుపు ఖాతా తెరిచేటప్పుడో, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేటప్పుడో, అప్పు తీసుకునేటప్పుడో బ్యాంకు తన ఖాతాదారుకు బీమా పాలసీ అమ్మడాన్ని బ్యాంకష్యూరెన్స్ అంటారు. ఇందులో బ్యాంకు బీమా కంపెనీకి కార్పొరేట్ ఏజెంటుగా పనిచేసి, ప్రతి పాలసీపై కమీషన్ పొందుతుంది. పాలసీ ఒప్పందం మాత్రం ఖాతాదారుకూ బీమా కంపెనీకీ మధ్య ఉంటుంది. అందుకే రద్దు దరఖాస్తు బీమా కంపెనీకి చేరాలి. బ్యాంకు మేనేజరుకు నోటిమాటగా చెప్పినంత మాత్రాన పాలసీ రద్దు కాదు.

అప్పుకు జతచేసే పాలసీలో ప్రీమియం సాధారణంగా ఒకేసారి కట్టేది. ఆ మొత్తాన్ని విడిగా అడగకుండా అప్పులోనే కలుపుతారు. ఇంటి అప్పు రూ.30 లక్షలు, ప్రీమియం రూ.60 వేలు అనుకుంటే, ఖాతాలో అప్పు రూ.30.60 లక్షలుగా నమోదవుతుంది. 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువుకు ఈ రూ.60 వేల వల్ల నెలవాయిదా సుమారు రూ.540 పెరుగుతుంది. గడువు ముగిసేనాటికి ఆ ప్రీమియం కోసం కట్టింది దాదాపు రూ.1.30 లక్షలు అవుతుంది. అప్పు పత్రాలతో ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో బీమా ఖర్చును చూపాలని, వార్షిక వడ్డీ భారం లెక్కలో కలపాలని రిజర్వ్ బ్యాంకు 2024లో ఆదేశించింది. జతపాలసీ ఉన్నదీ లేనిదీ మొదట తెలిసేది అక్కడే.

పొదుపు ఖాతాదారుకు అమ్మేది ఎక్కువగా ఏటా ప్రీమియం కట్టాల్సిన ఎండోమెంట్ పాలసీ లేదా యూలిప్. డిపాజిట్ లాంటిదేనని చెప్పి సంతకం చేయించుకోవడం ఇక్కడ తరచు కనిపించే మోసం. బీమా కంపెనీ నుంచి వచ్చే ధృవీకరణ ఫోన్‌కాల్‌కు అన్నిటికీ ‘అవును’ అనమని సిబ్బంది ముందే చెప్పి ఉంచుతారు. ఆ సంభాషణ రికార్డవుతుంది. తర్వాత ఫిర్యాదు చేస్తే కంపెనీ చూపేది ఆ రికార్డునే.

ఈ చిక్కుకు సులువైన విరుగుడు ఫ్రీ లుక్ గడువు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం ఇది 30 రోజులు. ఈ 30 రోజులను ప్రీమియం కట్టిన తేదీ నుంచి కాక, పాలసీ పత్రం కాగితం రూపంలోనో ఈమెయిల్ ద్వారానో అందిన తేదీ నుంచి లెక్కిస్తారు. పాలసీ షరతులు నచ్చలేదని కారణం రాస్తే చాలు, మోసం జరిగిందని నిరూపించనక్కర్లేదు. పాత పాలసీని పునరుద్ధరించుకున్నప్పుడు ఈ హక్కు వర్తించదు.

రద్దు కోరేవారు ముందుగా పాలసీ అందిన తేదీకి ఆధారం దాచుకోవాలి. పోస్టు కవరు మీది ముద్ర, లేదా ఈమెయిల్ వచ్చిన సమయం ఇందుకు పనికొస్తుంది. తర్వాత పాలసీ నంబరు, అందిన తేదీ, రద్దు కోరుతున్న విషయం రాసి సంతకం చేసిన లేఖను, పాలసీ పత్రం, గుర్తింపు పత్రం, రద్దు చేసిన చెక్కుతో కలిపి బీమా కంపెనీ శాఖలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. అదే లేఖను కంపెనీ ఈమెయిల్‌కూ పంపి, బ్యాంకు శాఖకు ప్రతి ఇవ్వడం మేలు. ‘వచ్చే వారం చూద్దాం’ అని సిబ్బంది జాప్యం చేస్తూ గడువు దాటించడం మామూలే. లేఖ రసీదు ఉంటే ఆ జాప్యం పాలసీదారు హక్కును తగ్గించదు.

కంపెనీ ప్రీమియంలోంచి మూడే మినహాయించాలి: రక్షణ ఉన్న రోజులకు తగిన రిస్కు ప్రీమియం, వైద్య పరీక్ష జరిగితే దాని ఖర్చు, స్టాంపు డ్యూటీ. పై ఇంటి అప్పు ఉదాహరణలో వైద్య పరీక్ష లేదని, రిస్కు ప్రీమియం రూ.200, స్టాంపు డ్యూటీ రూ.600 అని అనుకుంటే, తిరిగి వచ్చేది రూ.59,200. యూలిప్‌లో అయితే యూనిట్ల ఆనాటి విలువను బట్టి మొత్తం మారుతుంది. దరఖాస్తు అందిన 7 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి.

అప్పులో కలిపిన ప్రీమియం సాధారణంగా అప్పు ఖాతాకే తిరిగి జమవుతుంది. మధ్య రోజులకు బ్యాంకు వేసిన వడ్డీ, 25 రోజులకు సుమారు రూ.370, ఈ లెక్కలో తిరిగిరాదు. డబ్బు జమయ్యాక అప్పు స్టేట్‌మెంట్ తీసుకుని, అసలు తగ్గిందో లేదో, నెలవాయిదా సవరించారో లేదో సరిచూసుకోవాలి. బ్యాంకు తాకట్టు ఇంటికి బీమా కావాలని అడగవచ్చు గానీ, ఫలానా కంపెనీ పాలసీయే కొనాలని బలవంతపెట్టకూడదు.

కంపెనీ నిరాకరించినా, పట్టించుకోకపోయినా, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక నెల రోజుల్లో పరిష్కారం రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. దీనికి రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు. 30 రోజులు దాటిపోతే మిగిలేది సరెండర్ దారి. అందులో ముఖ్యంగా ఏటా కట్టే పాలసీల్లో, తొలి ఏడాదుల్లో చెల్లించిన దానికంటే చాలా తక్కువ చేతికొస్తుంది.